సహేతుక వర్గీకరణ: నకారా తీర్పులో ఒక తేదీ

రాజ్యాంగంలోని 14వ అధికరణం వర్గీకరణను నిషేధించదు. నిర్హేతుక వర్గీకరణనే నిషేధిస్తుంది. వర్గాల మధ్య స్పష్టమైన భేదం ఉండాలి. ఆ భేదానికి చట్ట లక్ష్యంతో హేతుబద్ధమైన సంబంధం ఉండాలి.

డి.ఎస్. నకారా కేసు (1982) ఇందుకు నిదర్శనం. 1979 మార్చి 31న గానీ, ఆ తరువాత గానీ పదవీ విరమణ చేసినవారికే కేంద్రం మెరుగైన పింఛను సూత్రాన్ని వర్తింపజేసింది. ముందురోజు విరమించినవారికి అది దక్కలేదు. తేదీ ఇరువర్గాలను స్పష్టంగానే వేరుచేసింది. కాని పింఛను లక్ష్యం వృద్ధాప్యంలో ఆర్థిక భద్రత. ధరల భారం అందరికీ ఒక్కటే. ఆ లక్ష్యంతో తేదీకి సంబంధం లేదని సుప్రీంకోర్టు తేల్చి, పథకాన్ని నిలిపి, తేదీ షరతును మాత్రమే తొలగించింది.

అయితే భవిష్యనిధిని ఎంచుకున్నవారు పింఛనుదారులకు భిన్నమైన వర్గమని 1990లో అదే న్యాయస్థానం నిర్ణయించింది. కనుక ఒకే వర్గాన్ని చీల్చినప్పుడే నకారా సూత్రం వర్తిస్తుంది.