పాత సైకిల్ ప్రకటన ఎలా రాయాలి?

బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్లలో సైకిల్ సంగతి తేల్చుకోవాలి. తీసుకెళ్లాలా, అమ్మేయాలా? కోసాడ్‌లో ఉంటున్న ఒక కుటుంబం సూరత్ వదిలి వెళ్తూ గేటు దగ్గర ఇలా రాసి అంటించిందనుకుందాం: “26 అంగుళాల సైకిల్ అమ్మబడును. మంచి కండిషన్.” ఇది చదివి ఎవరైనా కొనగలరా?

26 అంగుళాలన్నది చక్రం కొలత. సైకిల్ మనకు సరిపోతుందో లేదో చెప్పేది ఫ్రేమ్. అవే చక్రాలతో చిన్న ఫ్రేమూ ఉంటుంది, పెద్ద ఫ్రేమూ ఉంటుంది. ఫ్రేమ్ సైజును సాధారణంగా పెడల్ ఇరుసు మధ్య నుంచి సీటు గొట్టం పైఅంచు దాకా కొలుస్తారు. నేల నుంచి పైగొట్టం ఎంత ఎత్తులో ఉందో కూడా రాస్తే ఇంకా మేలు. కొనేవారు చెప్పులు విప్పి గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య ఒక పుస్తకాన్ని పైదాకా ఆనించి, నేల నుంచి దాని పైఅంచు వరకు కొలుచుకోవాలి. అది 74 సెం.మీ. వచ్చిందనుకోండి. పైగొట్టం 70 సెం.మీ. ఎత్తులో ఉంటే, ఆగినప్పుడు రెండు పాదాలూ నేలమీద ఆనతాయి. 76 ఉంటే ఆనవు. సీటు దించవచ్చు గానీ గొట్టాన్ని దించలేం.

ఇక అరుగుదల. సూరత్ వానాకాలపు తేమకు పట్టిన తుప్పు కంటికి కనిపిస్తుంది. గొలుసు అరుగుదల కనిపించదు, కొలవాలి. ఒక పిన్ను మధ్య నుంచి, దాని తర్వాత వచ్చే 24వ పిన్ను మధ్య వరకు టేపు పెట్టండి. కొత్త గొలుసైతే సరిగ్గా 12 అంగుళాలు, అంటే దాదాపు 305 మి.మీ. ఉంటుంది. పిన్నులు అరిగేకొద్దీ ఇది పెరుగుతుంది. 306.5 దాటితే గొలుసు మార్చాలి. 308కి చేరితే పళ్లచక్రాలు కూడా అరిగి ఉండవచ్చు. అప్పుడు కొత్త గొలుసు వేసినా జారుతుంది. ఆ ఖర్చు ధరలో తగ్గాలి.

చివరిది బిగింపు. రవాణా కోసం పెడల్స్ విప్పి, హ్యాండిల్ తిప్పి కడతారు. ఎడమ పెడల్ మరకు తిరుగుడు వ్యతిరేకం. మామూలు బోల్టులా కుడివైపు తిప్పితే అది ఎక్కదు, బలవంతం చేస్తే క్రాంకు మర పాడవుతుంది. పెడల్ మీద ఉన్న ఎల్, ఆర్ గుర్తులు చూసి, మొదటి రెండు మూడు చుట్లు చేతివేళ్లతోనే తిప్పాలి. వేళ్లకు సులువుగా ఎక్కకపోతే ఆపి, తీసి, మళ్లీ మొదలుపెట్టాలి. ఆ తర్వాతే పానా.

తరగతిలో ప్రకటన రాయించినప్పుడు మేము చూసేది ఒక్కటే: సైకిల్‌ను చూడకుండానే చదివినవారు నిర్ణయానికి రాగలరా? పై ప్రకటనను ఇలా మార్చవచ్చు: “26 అంగుళాల చక్రాలు, 17 అంగుళాల ఫ్రేమ్, పైగొట్టం ఎత్తు 70 సెం.మీ. మూడేళ్లు వాడాం. గొలుసు 307 మి.మీ., మార్చుకోవాలి. పెడల్స్, హ్యాండిల్ బిగించుకోవాలి, పానా ఇస్తాం.”