ఫోల్డర్‌ను మాయం చేసిన రెండు బిట్లు

జెరాక్స్ సెంటర్‌లోనో ఫొటో స్టూడియోలోనో పెన్‌డ్రైవ్ ఇచ్చి, ఇంటికొచ్చి తెరిచి చూస్తే ఫోల్డర్లు కనపడకపోవడం చాలామందికి ఎదురైన సంగతే. వాటి చోట అవే పేర్లతో షార్ట్‌కట్‌లు ఉంటాయి. కానీ డ్రైవ్ ప్రాపర్టీస్ చూస్తే నిండిన చోటు నిండినట్టే ఉంటుంది. ఫొటోలు పోయి ఉంటే ఆ చోటు ఖాళీ కావాలి కదా? నిజానికి వైరస్ ఒక్క ఫొటోను కూడా చెరపలేదు. ఒక్కో ఫోల్డర్‌కు సంబంధించిన ఒకే ఒక బైటులో, ఎనిమిది బిట్లలో రెండింటిని 0 నుంచి 1కి మార్చింది, అంతే. ఆ రెండింటినీ మళ్లీ 0 చేస్తే ఫోల్డర్ కనిపిస్తుంది. అయితే మిగతా ఆరు బిట్లను కదపకుండా ఆ రెండింటినే మార్చాలి. అసలు పనితనమంతా అందులోనే ఉంది.

పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు చాలావరకు ఫ్యాట్ అనే పద్ధతిలో ఫైళ్ల వివరాలు రాసుకుంటాయి. ప్రతి ఫైలుకూ, ప్రతి ఫోల్డర్‌కూ 32 బైట్ల నమోదు ఒకటి ఉంటుంది. మొదటి 11 బైట్లు పేరువి. ఆ వెంటనే వచ్చే బైటు ఆ ఫైలు లక్షణాలను చెబుతుంది. అందులో ఒక్కో బిట్‌కు ఒక్కో అర్థం.

```
0x01   0000 0001   చదవడానికి మాత్రమే
0x02   0000 0010   దాచినది (హిడెన్)
0x04   0000 0100   సిస్టమ్‌కు చెందినది
0x08   0000 1000   డ్రైవ్ పేరు
0x10   0001 0000   ఫోల్డర్
0x20   0010 0000   బ్యాకప్ తీసుకోవాల్సినది
```

పైన మిగిలిన రెండు బిట్లు ఖాళీగా ఉంచారు. ఎడమ వరసలో ఉన్నది అదే సంఖ్యను పొట్టిగా రాసే పద్ధతి. ఎనిమిది బిట్లను నాలుగేసి చొప్పున విడదీసి, ఒక్కో నాలుగింటికి ఒక్కో గుర్తు వేస్తారు. 0 నుంచి 9 వరకు అంకెలు, 10 నుంచి 15 వరకు A నుంచి F దాకా అక్షరాలు.

మామూలు ఫోల్డర్ బైటు 0x10. వైరస్ తాకాక అది 0x16 అవుతుంది. అంటే 0001 0110. ఫోల్డర్ బిట్ అలాగే ఉంది, హిడెన్, సిస్టమ్ బిట్లు కొత్తగా వెలిగాయి. రెండూ ఎందుకంటే, విండోస్‌లో దాచిన ఫైళ్లను చూపించమని మనం అడిగినా, సిస్టమ్ బిట్ కూడా ఉన్న వాటిని అది విడిగా ఇంకో పొర కింద దాచి ఉంచుతుంది. వైరస్ రాసినవాడికి ఆ సంగతి తెలుసు.

ఒక బైటులో కొన్ని బిట్లనే ముట్టుకోవాలంటే ముందుగా ఆ బిట్లు మాత్రమే 1గా ఉన్న ఇంకో బైటు తయారు చేసుకుంటారు. దాన్ని మాస్క్ అంటారు. లారీ మీద నంబరు వేసే పెయింటర్ అంకెల ఆకారంలో కత్తిరించిన రేకును బండికి ఆనించి రంగు కొడతాడు, రంధ్రం ఉన్నచోటే రంగు పడుతుంది. మన రేకు 0x06, అంటే 0000 0110. హిడెన్, సిస్టమ్ బిట్ల దగ్గర మాత్రమే రంధ్రాలున్నాయి.

ఆ రెండింటినీ వెలిగించాలంటే `|` వాడాలి. రెండు బైట్లను ఒకదాని కింద ఒకటి రాసి, ఒక్కో నిలువు వరసలో ఏ ఒక్కటి 1 అయినా ఫలితం 1 వేసుకుంటూ పోవడమే దాని పని. మాస్క్‌లో 0 ఉన్నచోట పాత బిట్ ఎలా ఉందో అలాగే మిగులుతుంది. ఆర్పాలంటే `&` కావాలి. పైనా కిందా రెండూ 1 అయితేనే అక్కడ 1 వస్తుంది. ఆర్పేటప్పుడు మాస్క్‌ను నేరుగా వాడకుండా `~` తో తిరగేస్తారు. దాంతో ఉంచాల్సిన చోట్లన్నీ 1, తీయాల్సిన చోట్లు 0 అవుతాయి.

```
attr           0001 0110   0x16
~0x06          1111 1001
attr & ~0x06   0001 0000   0x10
```

ఫోల్డర్ బిట్ చెక్కుచెదరలేదు, దాచిన రెండు బిట్లూ ఆరిపోయాయి. కమాండ్ ప్రాంప్ట్‌లో చాలామంది కంఠతా వచ్చినట్టు కొట్టే ఆదేశం ఇదే పని చేయిస్తుంది. డ్రైవ్ అక్షరం మన కంప్యూటర్‌లో ఏదైతే అది వేసుకోవాలి.

```
attrib -h -s E:\* /s /d
```

ఇందులో `-h` ఒక్కటే ఇస్తే పని జరగదు. సిస్టమ్ బిట్ ఉన్నంతకాలం `attrib` హిడెన్ బిట్‌ను ముట్టుకోనంటుంది, "Not resetting system file" అని చెప్పి ఆగిపోతుంది. రెండూ కలిపి ఇవ్వాలి. `/d` ఇవ్వకపోతే ఫోల్డర్ల జోలికే పోదు. ఇక్కడ పోయినవి ఫోల్డర్లే కాబట్టి అది తప్పనిసరి. వైరస్ మాత్రం ఈ ఆదేశంతో పోదు. దాన్ని ముందు తొలగించకపోతే మళ్లీ దాచేస్తుంది.

ఈ బైటును సొంత ప్రోగ్రాములో మార్చేవాళ్లు కొత్తలో మాస్క్ ఎందుకు, మామూలు లెక్కలు చాలవా అనుకుంటారు. హిడెన్ బిట్ విలువ 2 కదా, 2 కలిపితే వెలుగుతుంది, తీసేస్తే ఆరుతుంది అని. బిట్ ముందు ఏ స్థితిలో ఉందో కచ్చితంగా తెలిస్తేనే అది నిజం. అప్పటికే దాచి ఉన్న ఫోల్డర్ 0x12కి 2 కలపండి, 0x14 వస్తుంది. హిడెన్ బిట్ ఆరిపోయి, పక్కనున్న సిస్టమ్ బిట్ వెలిగింది. కూడికలో మిగులు పక్క స్థానానికి వెళ్లడమే దీనికి కారణం. `|` లో మిగులనేది లేదు. అందుకే ఒకసారి చేసినా పదిసార్లు చేసినా ఫలితం ఒకటే.

`^` సంగతి ఇంకా మోసకరం. రెండు బిట్లు వేరువేరైతే 1, ఒకటే అయితే 0 ఇస్తుంది కాబట్టి మాస్క్‌లో 1 ఉన్నచోట పాత బిట్ తిరగబడుతుంది. 0x16 మీద `^ 0x06` చేస్తే చక్కగా 0x10 వస్తుంది. ఒక ఫోల్డర్ మీద పరీక్షించి, బాగానే ఉందని డ్రైవ్ మొత్తం మీద నడిపితే, వైరస్ సోకిన ఫోల్డర్లు బయటపడతాయి, సోకని ఫోల్డర్లు మాయమవుతాయి. మళ్లీ నడిపితే మళ్లీ తారుమారు. నడిపిన ప్రతిసారీ ఫలితం మారుతోందంటే ఆర్పాల్సిన చోట తిరగేస్తున్నారని అర్థం.

ఇవన్నీ ఎందుకని బైటులో ఏకంగా 0 రాసేస్తే? దాచిన బిట్లు పోతాయి, వాటితో పాటు ఫోల్డర్ బిట్ కూడా పోతుంది. ఫ్యాట్‌లో ఫోల్డర్ నమోదులో సైజు ఎప్పుడూ 0గానే రాసి ఉంటుంది. అందువల్ల అది ఇప్పుడు ఖాళీ ఫైలులా, సున్నా బైట్లతో కనిపిస్తుంది. పెళ్లి ఫొటోలు లోపలే ఉన్నాయి, కానీ లోపలికి దారి లేదు. ఫోల్డర్ పేరుతో సున్నా బైట్ల ఫైలు కనిపిస్తే ఆ డ్రైవ్ మీద ఇంకేమీ రాయకుండా ముందు ఈ బైటునే చూడాలి.

ఇక పరీక్షించడం. `attr & 0x02` చేస్తే హిడెన్ బిట్ తప్ప మిగతావన్నీ సున్నా అవుతాయి. జవాబు 0 అయితే దాచలేదు, కాకపోతే దాచారు. దాచినప్పుడు వచ్చే జవాబు 1 కాదు, 2. అందుకే `== 1` అని పోల్చేవాళ్ల ప్రోగ్రాము ఏ ఫైలూ దాచలేదనే చెబుతుంది. రెండు బిట్లూ ఉన్నాయా అని అడగాలంటే సున్నా కాదని చూస్తే చాలదు, ఏ ఒక్కటి ఉన్నా అది నిజమే అవుతుంది. మాస్క్‌తోనే సరిపోల్చాలి. సీ భాషలో బ్రాకెట్లు కూడా మరవకూడదు, ఎందుకంటే అక్కడ `==` ముందు జరుగుతుంది, `&` తర్వాత.

```
if ((attr & 0x06) == 0x06)
```

ఈ పరీక్షలో తెలుగు పేర్లు పెట్టుకునేవాళ్లను నేరుగా తాకే ఒక ఉచ్చు ఉంది. ఫ్యాట్‌లో అసలు పేరుకు ఉన్నది ఆ 11 బైట్లే, ఎనిమిది అక్షరాల పేరు, మూడక్షరాల కొస. 1995లో విండోస్ 95 వచ్చినప్పుడు పొడవాటి పేర్లకు చోటు కావాల్సి వచ్చింది. పాత ప్రోగ్రాములు పాడవకూడదు. అందుకని పొడవు పేరును 13 అక్షరాల చొప్పున ముక్కలు చేసి, ఫైలు నమోదుకు ముందు అదనపు నమోదులుగా రాశారు. వాటి లక్షణాల బైటులో 0x0F పెట్టారు, అంటే కింది నాలుగు బిట్లూ ఒకేసారి. ఒకే నమోదు చదవడానికి మాత్రమే, దాచినది, సిస్టమ్‌ది, పైగా డ్రైవ్ పేరు కూడా కావడం మామూలుగా జరగదు. అలాంటిది ఎదురైతే పాత ప్రోగ్రాములు పక్కకు తప్పుకుని పోయేవి. ఎంత తెలివైన ఏర్పాటో!

"పెళ్లి ఫొటోలు" అని తెలుగులో పేరు పెడితే ఆ తెలుగు అక్షరాలు ఉండేది ఈ అదనపు నమోదుల్లోనే. 11 బైట్ల పొట్టి పేరులో వాటికి చోటు లేదు. ఇప్పుడు దాచిన ఫోల్డర్లను వెతికే పై పరీక్షను 0x0F మీద పెట్టి చూడండి. `0x0F & 0x06` అంటే 0x06. పరీక్ష ఔనంటుంది! వెంటనే ప్రోగ్రాము ఆ రెండు బిట్లనూ ఆర్పేస్తుంది, 0x0F కాస్తా 0x09 అవుతుంది. పొడవు పేరుకున్న గుర్తు పోయింది. ఫోల్డర్ బయటపడుతుంది, కానీ తెలుగు పేరు పోయి, కంప్యూటర్ తనకు తానుగా పెట్టిన అర్థంలేని పొట్టి పేరు మిగులుతుంది. మెమరీ కార్డును చిన్న బోర్డులకు తగిలించి ఈ 32 బైట్లను తామే నేరుగా చదివే విద్యార్థులకు ఇది ఎదురయ్యే చిక్కు. `attrib` వాడేవాళ్లకు ఈ భయం లేదు, ఆ నమోదులను విండోస్ విడి ఫైళ్లుగా బయటకు చూపించదు.

కాబట్టి దేన్నయినా ఆర్పే ముందు, పొడవు పేరు ముక్క అవునా కాదా చూసి వదిలేయాలి. ఇక్కడ మాస్క్ 0x3F, అర్థమున్న ఆరు బిట్లూ. కింది నాలుగూ వెలిగి, ఫోల్డర్, బ్యాకప్ బిట్లు ఆరి ఉంటేనే అది పేరు ముక్క.

```
if ((attr & 0x3F) == 0x0F) continue;
if ((attr & 0x06) == 0x06) attr &= ~0x06;
```

ఉన్న బిట్లే కాదు, ఉండకూడని బిట్లు లేవని కూడా మొదటి వరుస అడుగుతోంది. పై రెండు బిట్లను మాత్రం లెక్కలోకి తీసుకోలేదు, వాటిలో ఏమున్నా జవాబు మారదు.

రెండో వరుసలో `~0x06` బదులు, తిరగేసిన విలువను చేత్తో లెక్కగట్టి `0xF9` అని రాసినా ఈ ఒక్క బైటుకు తేడా రాదు. కానీ విండోస్ తన ప్రోగ్రాములకు ఈ లక్షణాలను 32 బిట్ల సంఖ్యగా అందిస్తుంది. హిడెన్, సిస్టమ్, ఫోల్డర్ బిట్లు అందులోనూ పాత చోట్లలోనే ఉన్నాయి, పైన కొత్తవి చేరాయి. కుదించిన ఫైలుకు 0x800 బిట్ ఉంటుంది. ఆ సంఖ్యకు `& 0xF9` చేస్తే ఎనిమిదో బిట్‌కు పైనున్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. `~0x06` అయితే పైనున్న బిట్లన్నింటికీ 1లే పడతాయి, హిడెన్, సిస్టమ్ బిట్లు తప్ప మరేదీ ఆరదు.