నాలుగు గుర్రాలు, రెండు గెలుపులు: యాంకీ లెక్క

బ్రిటన్ గుర్రప్పందేల్లో ‘యాంకీ’ అనే పందెం ఉంది. వేర్వేరు రేసుల నుంచి నాలుగు గుర్రాలను ఎంచుకుని, వాటిని ఎన్ని రకాలుగా కలపవచ్చో అన్ని రకాలుగానూ కలిపి కాస్తారు. ఇద్దరిద్దరిని జత కడితే 6 డబుల్స్, మూడేసి కలిపితే 4 ట్రెబుల్స్, నాలుగూ కలిపితే ఒకటి. మొత్తం 11 పందేలు. అందుకే ‘ఒక పౌండు యాంకీ’ అంటే చేతి నుంచి పోయేది 11 పౌండ్లు.

రెండే గెలిచాయనుకుందాం. ఓడిన గుర్రం ఒక్కటున్నా ఆ పందెం మొత్తం పోయినట్టే కాబట్టి ట్రెబుల్స్ అన్నీ పోతాయి. మిగిలేది గెలిచిన రెండింటినీ కలిపిన ఒకే ఒక్క డబుల్.

వాటి ధరలు 2/1, 3/1 అయితే, అసలుతో కలిపి పౌండుకు 3, 4 పౌండ్లు వస్తాయి. మొదటి గెలుపు సొమ్మంతా రెండో గుర్రం మీదికి వెళ్తుంది కాబట్టి 3 × 4 = 12. ఖర్చు 11 పోగా లాభం ఒక్క పౌండు. చాలామంది అసలును మరిచి 2 × 3 = 6 అని లెక్కేసి పొరబడతారు.

విడి పందేలు నాలుగు చేరిస్తే అది ‘లక్కీ 15’. అప్పుడు 3 + 4 + 12 = 19 వస్తాయి, ఖర్చు 15, లాభం 4.

అదే ధరలు 1/1, 2/1 అయితే యాంకీలో వచ్చేది 2 × 3 = 6 పౌండ్లే. రెండు గెలిచినా 5 పౌండ్ల నష్టం. ఆ రెండంకెల గుణకారం 11 దాటితేనే యాంకీలో లాభం.