ప్రశ్నలు అరవై నాలుగు, చిట్టాలు ఎనిమిది

చాట్‌బాట్‌ను ఏదైనా అడిగితే జవాబు ఒక్కసారిగా రాదు. ముక్క తర్వాత ముక్కగా తెర మీదికి వస్తుంది. ఆ ముక్కను టోకెన్ అంటారు. అది ఒక పదం కావచ్చు, పదంలో కొంత భాగం కావచ్చు. ప్రతి కొత్త టోకెన్‌కూ మోడల్ అప్పటిదాకా సాగిన సంభాషణ మొత్తాన్ని ఒకసారి చూసుకోవాలి. ప్రతిసారీ మొదటి నుంచీ లెక్క కట్టుకుంటూ వస్తే పని తెమలదు కాబట్టి, ఒకసారి కట్టిన లెక్కను జీపీయూ మెమరీలో దాచుకుంటుంది. దాని పేరే కీ-వాల్యూ క్యాష్.

ఇలా వెనక్కి చూసే పనిని మోడల్‌లో అటెన్షన్ హెడ్‌లు చేస్తాయి. ప్రతి హెడ్‌లోనూ ఒక్కో టోకెన్‌కు మూడు అంకెల వరసలు పుడతాయి. తనకేం కావాలో అడిగేది క్వెరీ. తన దగ్గర ఏముందో ఆనవాలు చెప్పేది కీ. అడిగినప్పుడు అందించే సమాచారం వాల్యూ. క్వెరీకి ఆ క్షణంలోనే పని తీరిపోతుంది. కీ, వాల్యూలు మాత్రం తర్వాత వచ్చే ప్రతి టోకెన్‌కూ కావాలి. అందుకే క్యాష్‌లో దాచేది ఆ రెండింటినే.

ఇందుకు ఎంత చోటు పడుతుందో మెటా సంస్థ 2023లో విడుదల చేసిన లామా 2 పెద్ద మోడల్‌తో చూద్దాం. అందులో 7,000 కోట్ల పారామీటర్లు, 80 పొరలు ఉన్నాయి. ఒక్కో పొరలో 64 హెడ్‌లు, ఒక్కో వరసలో 128 అంకెలు, ఒక్కో అంకెకు 2 బైట్లు. ప్రతి హెడ్‌కూ సొంత కీ, వాల్యూ ఉంటే ఒక్క టోకెన్‌కే రెండున్నర మెగాబైట్లు కావాలి. 4,096 టోకెన్ల సంభాషణకు అది 10 గిగాబైట్లవుతుంది. మోడల్‌కే దాదాపు 140 గిగాబైట్లు పోతాయి. 80 గిగాబైట్ల జీపీయూలు రెండు పెట్టినా మిగిలేది 20. అంటే ఒకేసారి ఇద్దరితో మాట్లాడేసరికి మెమరీ నిండిపోతుంది. పైగా ప్రతి టోకెన్‌కూ ఆ క్యాష్ మొత్తాన్ని మెమరీ నుంచి లెక్క చేసే చోటికి మోసుకురావాలి. జీపీయూకు లెక్క చిటికెలో పని, ఆలస్యమంతా ఆ మోతలోనే.

దీనికి గూగుల్‌లో పనిచేస్తున్న నోమ్ షజీర్ 2019లో ఒక దారి చూపారు. క్వెరీలు అరవై నాలుగూ అలాగే ఉంటాయి, కీ, వాల్యూలు మాత్రం అన్నిటికీ కలిపి ఒక్క జతే. ఒకే చిట్టాను ముందు పెట్టుకుని అరవై నలుగురు గుమాస్తాలు ఎవరికి కావలసింది వాళ్లు వెతుక్కున్నట్టు. ఇదే మల్టీ-క్వెరీ అటెన్షన్. మన లెక్కలో క్యాష్ 10 గిగాబైట్ల నుంచి 160 మెగాబైట్లకు దిగుతుంది. అయితే అన్ని హెడ్‌లకూ ఒకే చిట్టా కావడంతో జవాబుల నాణ్యత కొంత తగ్గవచ్చు. శిక్షణ నిలకడ తప్పే ప్రమాదమూ ఉంది.

2023లో గూగుల్ పరిశోధకులు మధ్యేమార్గంగా గ్రూప్డ్-క్వెరీ అటెన్షన్‌ను ప్రతిపాదించారు. హెడ్‌లను గుంపులు చేసి, గుంపుకొక కీ, వాల్యూ జత ఇవ్వడమే ఇందులో కిటుకు. పాత మోడల్‌ను పారేయనక్కరలేదు. గుంపులోని హెడ్‌ల కీ, వాల్యూ మాత్రికలకు సగటు కట్టి, మొదటి శిక్షణకు అయిన లెక్కలో 5 శాతంతో మళ్లీ శిక్షణ ఇస్తే నాణ్యత దాదాపు పాత స్థాయికి చేరుతుందని వాళ్లు చూపించారు.

లామా 2 పెద్ద మోడల్ పట్టుకున్నది ఈ దారినే. 64 క్వెరీ హెడ్‌లకు 8 జతలు. టోకెన్‌కు 320 కిలోబైట్లు, మొత్తం సంభాషణకు 1.25 గిగాబైట్లు. ఇద్దరికి సరిపోయిన చోట్లో ఇప్పుడు సుమారు పదహారు మంది పడతారు. ఎనిమిది అనే సంఖ్యకు ఇంకో సౌలభ్యం ఉంది. పెద్ద మోడళ్లను తరచు ఎనిమిది జీపీయూలకు పంచి నడుపుతారు, అప్పుడు తలా ఒక జత వస్తుంది. ఒక్క జతే ఉంటే దాన్నే ఎనిమిది చోట్లా నకలు పెట్టుకోవాల్సి వస్తుంది, ఆదా అక్కడ అక్కరకు రాదు.

ఏ మోడల్ ఏ పద్ధతిలో ఉందో దాని `config.json` ఫైలు చెబుతుంది.

```
"num_attention_heads": 64,
"num_key_value_heads": 8
```

రెండూ సమానమైతే పాత పద్ధతి, రెండోది 1 అయితే మల్టీ-క్వెరీ, మధ్యలో ఉంటే గ్రూప్డ్-క్వెరీ. ఇది చూడకుండా మోడల్ సైజును బట్టి మెమరీని అంచనా వేస్తే పొరపడతాం. లామా 2లోనే 700 కోట్ల పారామీటర్ల చిన్న మోడల్ పాత పద్ధతిలోనే ఉండిపోయింది. దానికి టోకెన్‌కు 512 కిలోబైట్లు కావాలి, తనకు పదింతలున్న పెద్ద మోడల్ కన్నా ఎక్కువ!

ఈ పద్ధతులు ప్రధానంగా తగ్గించేది టోకెన్‌కు పట్టే చోటును. మోడల్ సొంత బరువు అంతగా తగ్గదు, సంభాషణ పొడుగయ్యే కొద్దీ క్యాష్ పెరగడమూ ఆగదు. చాలా మోడళ్లు తెలుగు వాక్యాన్ని ఇంగ్లిష్ కన్నా ఎక్కువ టోకెన్లుగా కోస్తాయి. కాబట్టి అదే విషయం తెలుగులో మాట్లాడితే క్యాష్ త్వరగా నిండుతుంది. తెలుగు కోసం మోడల్‌ను ఎంచుకునేవాళ్లు కీ-వాల్యూ హెడ్‌ల సంఖ్యతో పాటు, తమ వాక్యాలు ఎన్ని టోకెన్లవుతున్నాయో కూడా లెక్కపెట్టుకుని చూసుకోవాలి.