చేయూత డబ్బులొచ్చి కూలి మానేశారా? పెనుమూడి నుంచి ఒక లెక్క

రేపల్లె మండలం పెనుమూడిలో గానీ, కృష్ణ దాటి అవతల పులిగడ్డ వైపు గానీ, ఊడ్పుల కాలంలో ఆసాముల నోట ఒకే మాట వినపడుతుంది. "పథకాల డబ్బులిచ్చి కూలోళ్లను సోమరుల్ని చేశారు" అని. ఆ మాట ఎవరి గురించో చెప్పనక్కర్లేదు. నడుం వంచి నాట్లేసేది ఎక్కువగా మాల, మాదిగ పల్లెల ఆడవాళ్లే. ఈ మాట నిజమో కాదో తేల్చడానికి ఆర్థిక శాస్త్రంలో ఒక పద్ధతి ఉంది. దాని పేరు డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్, మన మాటల్లో తేడాల మధ్య తేడా. అది ఎలా పనిచేస్తుందో, ఎక్కడ మోసపుచ్చుతుందో ఒక పథకం మీద పెట్టి చూద్దాం.

మేం తీసుకున్నది వైఎస్సార్ చేయూత. 2020 ఆగస్టులో మొదలైంది. 45 నుంచి 60 ఏళ్ల లోపు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ మహిళలకు ఏటా 18,750 రూపాయలు, నాలుగేళ్లలో 75,000 ఇచ్చే పథకం అది. దీనికి వయసు గీత ఉండేది కాబట్టే పోలిక కుదురుతుంది. ఒకే పల్లెలో 47 ఏళ్ల ఆమెకు డబ్బు వచ్చేది, 40 ఏళ్ల ఆమెకు వచ్చేది కాదు.

డబ్బు రాకముందు, వచ్చాక కూలి రోజులు ఎంత మారాయో చూస్తే చాలదా? చాలదు. ఆ రెండింటి మధ్యలోనే కరోనా వచ్చింది. కోత మిషన్లు పెరిగాయి. వాటివల్ల తగ్గిన పనిని కూడా డబ్బు ఖాతాలో రాసేస్తాం. అందుకని డబ్బు రానివాళ్లకు అదే కాలంలో ఎంత తగ్గిందో చూసి, దాన్ని తీసేస్తాం. మిగిలిందే డబ్బు ప్రభావం అనుకుంటాం.

ఎస్సీ మహిళల్లో 2020 నాటికి 45–50 ఏళ్లున్నవారిని ఒక జట్టుగా, 36–41 ఏళ్లున్నవారిని ఇంకో జట్టుగా పెడదాం. 42, 43, 44 ఏళ్లవారిని వదిలేశాం. వాళ్లు రెండు మూడేళ్లలో 45 దాటి మొదటి జట్టులోకి వచ్చేస్తారు. కింది అంకెలు లెక్క అర్థం కావడానికి మేం వేసుకున్నవి, సర్వేలో వచ్చినవి కావు. ఏడాదిలో సగటు కూలి రోజులు:

| ఏడాది | 45–50 జట్టు | 36–41 జట్టు | తేడా |
|---|---|---|---|
| 2017 | 128 | 152 | 24 |
| 2018 | 124 | 151 | 27 |
| 2019 | 120 | 150 | 30 |
| 2021 | 98 | 130 | 32 |

ఆసామి చూసేది మొదటి వరుసే. 120 నుంచి 98కి, అంటే 22 రోజులు తగ్గాయి. "చూశారా, మానేశారు" అంటాడు. కానీ చేయూత రాని జట్టులో కూడా 150 నుంచి 130కి, 20 రోజులు తగ్గాయి. తేడాల మధ్య తేడా రెండు రోజులే.

ఆ రెండు రోజులైనా డబ్బు వల్లేనా? ఈ పద్ధతి మొత్తం ఒక ఊహ మీద నిలబడింది. పథకమే లేకపోతే రెండు జట్లూ ఒకే తీరున నడిచేవని ఆ ఊహ. దీన్ని సమాంతర ధోరణి అంటారు. రెండు జట్లకీ పని రోజులు సమానంగా ఉండనక్కర్లేదు, మధ్య దూరం మారకుండా ఉంటే చాలు. పథకం లేని 2021ని మనం చూడలేం. చూడగలిగింది పథకానికి ముందటి ఏళ్లే. పట్టికలో చివరి వరుస మళ్లీ చూడండి. 24, 27, 30. డబ్బు పుట్టకముందే దూరం ఏటా మూడు రోజులు పెరుగుతోంది. కారణం కనపడుతూనే ఉంది. యాభైకి దగ్గరయ్యే కొద్దీ మోకాళ్లు, నడుం సహకరించవు. ఊడ్పుల పని ముందు మానేది వాళ్లే.

అంటే ఊహ ఇక్కడ నిలవలేదు. ఆ తీరే ఇంకో రెండేళ్లు సాగి ఉంటే 2021లో తేడా 36 కావాలి. ఉన్నది 32. అలా చూస్తే డబ్బు అందుకున్నవాళ్లు నాలుగు రోజులు ఎక్కువే పనిచేశారు. రెండు తగ్గింది కాస్తా నాలుగు పెరిగింది అయింది. పాత వాలు అలాగే సాగుతుందన్నది కూడా ఊహే, అందులోనూ కరోనా ఏడాదిలో. కాబట్టి "పని పెరిగింది" అని మేం చాటింపు వేయం. "తగ్గింది" అనేవాళ్ల దగ్గర రుజువు లేదని మాత్రం గట్టిగా అంటాం.

ప్లాసిబో పరీక్ష ఇదే మాటను ఇంకో దారిలో చెబుతుంది. లేని మందు ఇచ్చి ఫలితం వస్తుందేమో చూడటం అన్నమాట. పథకం 2018లోనే మొదలైందని అబద్ధం ఆడుకుని 2017, 2019ల మధ్య అదే లెక్క వేయండి. ఒక జట్టులో 8 తగ్గాయి, ఇంకో జట్టులో 2. "ప్రభావం" ఆరు రోజుల తగ్గుదల! రూపాయి ఇవ్వని కాలంలో ఆరు చూపించే కొలబద్ద, డబ్బిచ్చిన కాలంలో రెండు చూపిస్తే ఆ రెండును నమ్మలేం.

ఇంకో ప్లాసిబో, చేయూత అందని ఓసీ మహిళల్లో అవే రెండు వయసుల పోలిక. అక్కడ కూడా దూరం పెరిగితే అది వయసు పని, డబ్బు పని కాదు. అయితే ఈ పరీక్షకు గడువుంది. 2022 జనవరిలో 45–60 ఏళ్ల అగ్రవర్ణ పేద మహిళలకు ఈబీసీ నేస్తం మొదలైంది. ఆ తర్వాత వాళ్లు డబ్బు అందని జట్టు కారు. మూడో పరీక్ష, డబ్బుతో మారే వీలే లేనిదాని మీద లెక్క వేయడం. చిన్నప్పుడు ఎన్నో తరగతి దాకా చదివారు అన్నదాని మీద "ప్రభావం" కనపడితే, మనుషులు మారలేదు, మనం కలిసిన మనుషులు మారారని అర్థం. మిరప కోతలకు వలస వెళ్లినవాళ్లు రెండోసారి ఇంటి దగ్గర దొరక్కపోతే ఇలాగే అవుతుంది.

ఈ పరీక్షలన్నీ గట్టెక్కినా పట్టుబడని తప్పులు రెండున్నాయి. ఒకటి, 2020 జనవరిలో అమ్మ ఒడి మొదలైంది. బడికెళ్లే పిల్లలున్న తల్లికి ఏటా 15,000 అని అప్పట్లో ప్రకటించారు. 36–41 ఏళ్లవారిలో అలాంటి తల్లులు ఎక్కువ. మనం "డబ్బు రాని జట్టు" అనుకున్నది డబ్బు అందుకుంటున్న జట్టే. అప్పుడు లెక్క చెప్పేది డబ్బు ప్రభావం కాదు, రెండు పథకాల మధ్య తేడా. 2019 వరకు ఎంత సమాంతరంగా ఉన్నా ఇది బయటపడదు. పాత ఏళ్లలో ఆ పథకమే లేదు కదా. బడి వయసు పిల్లలున్న ఇళ్లను రెండు వైపులా తీసేసి మళ్లీ లెక్క వేయాలి. రెండోది, 48 ఏళ్ల పెద్ద తోడికోడలు, 36 ఏళ్ల చిన్న తోడికోడలు ఒకే పొయ్యి మీద వండుకుంటే పెద్దామె చేయూత ఇద్దరి గిన్నెలోకీ వచ్చేది. అలాంటి ఇళ్లను పోల్చకూడదు, చేయూత అందే మనిషి ఒక్కరూ లేని ఇంటితో పోల్చాలి.

పెనుమూడి ఒక్క ఊరితో ఇది తేలదు. నలభై ఇళ్లలో ఇద్దరు మంచాన పడితే సగటు రెండు రోజులు ఇట్టే జరుగుతుంది. చాలా ఊళ్లు కావాలి, 2020కి ముందు కనీసం మూడేళ్ల సమాచారం కావాలి. 2017 నుంచి నడుస్తున్న పీఎల్ఎఫ్ఎస్ సర్వేలో వయసు, సామాజిక వర్గం, గత వారంలో చేసిన పని ఉంటాయి. రాష్ట్ర స్థాయిలో విద్యార్థులు మొదలుపెట్టడానికి అది పనికొస్తుంది.

అభిజిత్ బెనర్జీ, రెమా హన్నా, గాబ్రియెల్ క్రైండ్లర్, బెంజమిన్ ఓల్కెన్ ఆరు దేశాల్లోని ఏడు నగదు పథకాల ఫలితాలను కలిపి చూసి 2017లో అచ్చువేశారు. లాటరీ తీసినట్టు ఎంపిక చేసి ఇచ్చిన పథకాలు కాబట్టి అక్కడ సమాంతర ధోరణి బెడద లేదు. నగదు వల్ల జనం పని మానేస్తారనడానికి వాళ్లకు పద్ధతిగా ఆధారం దొరకలేదు. ఈసారి గట్టు మీద ఎవరైనా "22 రోజులు తగ్గించారు" అంటే ఒకటే అడుగుదాం. డబ్బు రానివాళ్లకు ఎంత తగ్గింది? డబ్బు రాకముందు ఏటా ఎంత తగ్గుతూ వచ్చింది?