తరగతిలో చెల్లిన స్లైడ్లు సభలో చెల్లుతాయా?

వరంగల్‌లో చరిత్ర చెప్పే ఒక లెక్చరర్ రామప్ప గుడి మీద స్లైడ్లు తయారు చేసుకుని ఏటా క్లాసులో చూపిస్తున్నారనుకుందాం. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన గుడి కాబట్టి హైదరాబాద్‌లో ఒక సంస్థ ఆయన్ని ఉపన్యాసానికి పిలిచింది. టికెట్ ఉంటుందట. స్లైడ్లను పీడీఎఫ్‌గా పంచుతారట, వీడియో యూట్యూబ్‌లో పెడతారట. స్లైడ్లు అవే, మాట్లాడే మనిషీ ఆయనే. కానీ హక్కుల లెక్క పూర్తిగా మారిపోయింది.

మన 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ పాఠం చెప్పేవారికి వెసులుబాటు ఇస్తుంది. బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ ఇతరుల ఫొటోను, బొమ్మను వాడుకోవచ్చు. టికెట్ కొని వచ్చిన శ్రోతలు విద్యార్థులు కారు, యూట్యూబ్ తరగతి గది కాదు. కాబట్టి ఆ లెక్చరర్ ప్రతి స్లైడునూ కొత్తగా చూసుకోవాలి.

మొదటి స్లైడులో గుడి ఫొటో ఉంది. ఎక్కడిదంటే ‘గూగుల్‌లో దొరికింది’ అంటారు చాలామంది. గూగుల్ వెతికి చూపిస్తుందే తప్ప ఫొటోకు సొంతదారు కాదు. ఆ ఫొటోను గూగుల్ లెన్స్‌లోనో, టిన్‌ఐ సైట్‌లోనో వేసి వెతికితే అది ఇంకా ఎక్కడెక్కడ ఉందో తెలుస్తుంది. టిన్‌ఐలో పాతవి ముందు వచ్చేలా వరుస పెట్టుకుంటే అసలు చోటు దొరికే అవకాశం ఎక్కువ. మన ఫొటో ఒక ట్రావెల్ సైట్‌లో తేలి, అక్కడ లైసెన్సు మాటే లేదనుకోండి. ఏమీ రాయలేదంటే స్వేచ్ఛగా వాడుకోమని కాదు, హక్కులన్నీ తీసినవారివేనని అర్థం. అడిగి అనుమతి తీసుకోవాలి, లేదా ఫొటో మార్చాలి.

మార్చడమే తేలిక. వికీమీడియా కామన్స్‌లో రామప్ప గుడి ఫొటోలు చాలా ఉన్నాయి. ఫొటో పేజీ తెరిస్తే కింద లైసెన్సు కనిపిస్తుంది, ఎక్కువగా `CC BY-SA 4.0`. ఇందులో `BY` అంటే తీసినవారి పేరు చెప్పాలి. `SA` అంటే ఫొటోను మార్చి కొత్త బొమ్మ చేస్తే దాన్నీ అదే లైసెన్సు కింద ఇవ్వాలి. ఫొటోను ఉన్నదున్నట్టు పెట్టి పక్కన మన మాటలు రాసుకుంటే మాత్రం స్లైడ్లన్నీ ఆ లైసెన్సు కిందికి పోవు. ఈ భయంతోనే మంచి ఫొటోలు వదిలేసేవారున్నారు, అవసరం లేదు. ఫొటో కింద చిన్న అక్షరాల్లో ఇలా ఒక వరుస చాలు: ‘రామప్ప గుడి, ఫొటో: ఫలానా వారు, వికీమీడియా కామన్స్, CC BY-SA 4.0’. లైసెన్సు పేరుకూ ఫొటో పేజీకీ లింకులు ఇవ్వాలి. అంచులు కత్తిరిస్తే ఆ సంగతి కూడా రాయాలి.

కామన్స్‌లోనూ కళ్లు తెరుచుకునే ఉండాలి. ఎవరో ఒకరు వేరేవారి ఫొటో ఎక్కించి ‘నా సొంతం’ అని రాసేయవచ్చు. ఫొటో సైజు మరీ చిన్నగా ఉండి, కెమెరా వివరాలేవీ లేకుండా, అదే ఫొటో అంతకు ముందే మరో సైట్‌లో కనిపిస్తే అనుమానించాలి. తనది కానిదానికి ఎవరూ లైసెన్సు ఇవ్వలేరు.

మరో స్లైడులో మదనిక శిల్పం ఫొటోకు `CC BY-NC` అని ఉంది. `NC` అంటే వ్యాపార ప్రయోజనానికి వాడరాదని. ఇక్కడ చూసేది వాడేవారు ఎవరన్నది కాదు, ఎందుకు వాడుతున్నారన్నది. లాభాపేక్ష లేని సంస్థే అయినా టికెట్ సభ అంటే తగువుకు తావుంటుంది. హాలు అద్దె కోసమే టికెట్ పెట్టామని వాదించవచ్చు, కానీ సభకు రెండు రోజుల ముందు ఆ వాదన పెట్టుకోవడంకన్నా `NC` లేని ఫొటో వెతుక్కోవడమే మేలని నేనంటాను. ఫొటోలో భక్తుల ముఖాలు స్పష్టంగా ఉంటే ఇంకో మెలిక ఉంది. లైసెన్సు ఇచ్చింది ఫొటో తీసినవారు, అందులో ఉన్నవారు కాదు. ఆ ముఖం పక్కనే స్పాన్సర్ లోగో పెడితే ఆమె ఆ కంపెనీకి ప్రచారం చేస్తున్నట్టు కనిపిస్తుంది.

ఇక ఫాంట్లు. ఫొటోల గురించి జాగ్రత్తపడేవారు కూడా వీటి దగ్గర పట్టించుకోరు. తెలుగువారికి అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. లెక్చరర్ తన ఫైలును నిర్వాహకులకు పంపుతారు. వాళ్ల కంప్యూటర్‌లో ఆ ఫాంటు ఉండదు. పవర్‌పాయింట్ దాని బదులు ఇంకేదో వేస్తుంది, పెద్ద అక్షరాల శీర్షిక పక్కకు పొర్లిపోతుంది. ఫాంటు పాత డీటీపీ రకానిదైతే యూనికోడ్ కాదు కాబట్టి తెలుగు మొత్తం అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలుగా మారిపోతుంది. వెంటనే ఫోను వస్తుంది: ‘సార్, ఆ ఫాంటు ఫైలు వాట్సాప్‌లో పెట్టండి.’ ఆయన పెడతారు. ఫాంటు చాలావరకు మీకు అమ్మేది కాదు, ఫలానా ఇన్ని కంప్యూటర్లలో వాడుకోమని ఇచ్చిన అనుమతి. కొన్న ఫాంటు ఫైలును ఇంకొకరికి పంపడం దాదాపు ఏ లైసెన్సులోనూ కుదరదు.

పవర్‌పాయింట్‌లో దీనికి దారి ఉంది. `File > Options > Save` లోకి వెళ్లి `Embed fonts in the file` టిక్ చేస్తే ఫాంటు స్లైడ్ల ఫైలులోనే ప్రయాణిస్తుంది. అయితే ఆ ఫాంటు అందుకు ఒప్పుకోవాలి. విండోస్‌లో ఫాంటు ఫైలు మీద రైట్ క్లిక్ చేసి `Properties`, అందులో `Details` చూస్తే `Font embeddability` అన్న వరుస ఉంటుంది. `Restricted` అని ఉంటే ఫైలులో చేరదు. `Editable` అని గానీ `Installable` అని గానీ ఉంటే చేరుతుంది, అవతలివారు దిద్దుకోనూవచ్చు. కానీ ఇది ఫాంటులో పెట్టిన గుర్తు మాత్రమే, లైసెన్సు కాదు. ‘సొంత వాడకానికి ఉచితం’ అని దొరికే ఫాంట్లలో చాలావాటికి ఈ గుర్తు `Installable` అనే ఉంటుంది, టికెట్ సభలో వాడటానికి మాత్రం డబ్బు కట్టాలి. శీర్షికను బొమ్మగా మార్చి పెడితే ఫాంటు ఫైలు బయటికి పోదు, కానీ వ్యాపార వాడకానికి లేని అనుమతి దానివల్ల రాదు.

విండోస్‌తో వచ్చే గౌతమి, నిర్మలా యూఐ లాంటివి తెర మీద చూపడానికి, అచ్చు వేయడానికి ఇబ్బంది లేదు. ఫాంటు ఫైలును విడిగా కాపీ చేసి ఇవ్వకూడదంతే.

ఈ లెక్చరర్‌కు నేను చెప్పేది శీర్షికలకు గూగుల్ ఫాంట్స్‌లోని రామభద్ర, మల్లన్న, ఎన్‌టీఆర్ లాంటివి తీసుకోమని. వీటిని సిలికానాంధ్ర ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద విడుదల చేసింది. ఆ లైసెన్సు ప్రకారం టికెట్ సభలో వాడవచ్చు, పీడీఎఫ్‌లో పొదగవచ్చు, లైసెన్సు కాగితంతో సహా ఫాంటు ఫైలునే వాట్సాప్‌లో పంపవచ్చు. ఫాంటును విడిగా అమ్మకూడదు. దిగుమతి చేసుకున్న ఫోల్డర్‌లో `OFL.txt` అని ఒక ఫైలుంటుంది, దాన్ని స్లైడ్ల పక్కనే దాచుకోవాలి.

ఫొటోలకూ ఇలాంటి దాపరికం కావాలి. డౌన్‌లోడ్ చేసిన రోజున లైసెన్సు పేజీని తేదీతో సహా పీడీఎఫ్‌గా భద్రపరచాలి. అన్‌స్ప్లాష్ 2017లో, పిక్సాబే 2019లో తమ లైసెన్సులు మార్చుకున్నాయి. ఏ షరతుల కింద తీసుకున్నామో చెప్పడానికి ఆ పేజీయే రుజువు.

ఇంత చేశాక కూడా ఎవరైనా ఫొటో తమదని రాస్తే, ముందు ఆన్‌లైన్‌లోని పీడీఎఫ్‌ను, వీడియోను తీసి ఆపైన మాట్లాడాలి. పేరు రాయడం మరిచిపోవడం లాంటి తప్పైతే క్రియేటివ్ కామన్స్ 4.0 లైసెన్సుల్లో ఒక ఊరట ఉంది. తప్పు తెలిసిన 30 రోజుల్లో సరిదిద్దితే లైసెన్సు తిరిగి దానంతట అదే అమల్లోకి వస్తుంది, అయితే అప్పటిదాకా జరిగినదానికి పరిహారం అడిగే హక్కు ఫొటో తీసినవారికి ఉంటుంది. అంతకు ముందటి 3.0లో ఈ వెసులుబాటు లేదు. లైసెన్సు పేరు చివరి అంకెను కూడా చూసి రాసుకోమనడం అందుకే.