గుమ్మాల మధ్య దూరం

నచ్చిన మనిషిని మనమే ఏరికోరి ఎంచుకున్నామనుకుంటాం. ఆ ఎంపికలో కొంత పని గుమ్మాలూ మెట్లూ ముందే చేసిపెడతాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలోని ఎంఐటీలో, పెళ్లయిన విద్యార్థులు కాపురమున్న వెస్ట్‌గేట్ వెస్ట్ ఇళ్లు దీనికి సాక్ష్యం. ఒక్కో భవనంలో రెండంతస్తులు, అంతస్తుకు ఐదు వాటాలు. ఖాళీ అయిన వాటానే కేటాయించేవారు కనుక, పక్కింటివాళ్లను ఎంచుకునే వీలు పెద్దగా లేదు. ఎవరితో ఎక్కువగా కలుస్తుంటారని పరిశోధకులు ఫెస్టింగర్, షాక్టర్, బ్యాక్ ఆరా తీసి, ఫలితాలను 1950లో పుస్తకంగా తెచ్చారు. అదే అంతస్తులో పక్క గుమ్మం వాళ్లను 41 శాతం మేర స్నేహితులుగా చెప్పారు. మధ్యలో ఒక ఇల్లుంటే అది 22 శాతానికి, ఈ చివర నుంచి ఆ చివరకైతే 10 శాతానికి పడిపోయింది. చివరి గుమ్మాల మధ్య దూరం వంద అడుగులైనా లేదు! కింద మెట్ల పక్కన ఉన్నవాళ్లకైతే పై అంతస్తులోనూ స్నేహాలు ఎక్కువే.

దగ్గరుంటే మాటలు కలుస్తాయి, అందుకే స్నేహమనవచ్చు. కానీ మాట లేకున్నా ఇష్టం పెరుగుతుంది. పదేపదే కంటబడటమే చాలని 1968లో మనస్తత్వవేత్త జయోన్స్ వాదించాడు. 1992లో మోర్‌లాండ్, బీచ్ దాన్ని తరగతి గదిలో పరీక్షించారు. చూడటానికి ఒకే తీరుగా ఉన్న నలుగురు యువతుల్లో ఒకరు క్లాసుకు అసలు రాలేదు; మిగతావాళ్లు 5, 10, 15 సార్లు వచ్చి, ఎవరినీ పలకరించకుండా కూర్చుని వెళ్లారు. చివర్లో ఫొటోలు చూపితే, ఎక్కువసార్లు వచ్చినవారే విద్యార్థులకు ఎక్కువ నచ్చారు.

మరి గొడవలూ పక్కింటివాళ్లతోనేగా? నిజమే. గిట్టనివాళ్లు కూడా దగ్గర్లోనే ఉంటారని 1976లో ఎబెసెన్ బృందం చూపింది. మొదట చిరాకు తెప్పించినవాడు రోజూ ఎదురైతే చిరాకే ముదురుతుంది. కాబట్టి దగ్గరితనం ఒక్కటే ఇష్టాన్ని ఖాయం చేయదు, తారసపడే అవకాశాన్నే ఇస్తుంది. ఏ వైపు మొగ్గాలో చాలావరకు ఇద్దరి మధ్య పోలిక నిర్ణయిస్తుంది. వెస్ట్‌గేట్‌ కుటుంబాల చదువూ వయసూ ఆశలూ దాదాపు ఒకటే; అందుకే అక్కడ గుమ్మం అంత బలంగా పనిచేసింది. అయితే కలిసి బతుకుతున్న జంటల్లో నిజమైన పోలిక కంటే, ‘మేమిద్దరం ఒకటే’ అన్న నమ్మకానికే బలమెక్కువని తర్వాతి పరిశోధనలు తేల్చాయి.

ఇదంతా స్నేహం లెక్క, ప్రేమ సంగతేమిటన్నది అసలైన అభ్యంతరం. జవాబుకు 1986లో మనస్తత్వవేత్త స్టెర్న్‌బర్గ్ గీసిన త్రిభుజం అక్కరకొస్తుంది. దాని మూడు కోణాలు సాన్నిహిత్యం, మోహం, నిబద్ధత. గుమ్మం, పరిచయం, పోలిక ప్రధానంగా మొదటి కోణానికి దారి వేస్తాయి. ఆ ఒక్కటే ఉంటే అది ఇష్టమే, ప్రేమ కాదు. నిబద్ధత మాత్రం నిర్ణయం. ఎన్నిసార్లు ఎదురుపడినా దానంతటది రాదు. మన పెద్దలు కుదిర్చిన సంబంధాల్లో వరస తిరగబడుతుంది: ముందు నిబద్ధత, ఆ తర్వాతే ఒకే కప్పు కింద పరిచయం. నిబద్ధత ఒక్కటే ఉన్న స్థితిని స్టెర్న్‌బర్గ్ శూన్యప్రేమ అన్నా, ఇలాంటి పెళ్లిళ్లలో అది ముగింపు కాక మొదలు కావచ్చని ఒప్పుకున్నాడు. అంటే ఒకే ఇంట్లో ఉండటం మిగతా కోణాలకు అవకాశమే ఇస్తుంది, హామీ ఇవ్వదు. పక్క గుమ్మం చేసినదీ అంతే.